రాత్రి తొమ్మిదిన్నరకు మొండికేసే పాల కూలర్: పని డైరీ

పాల కూలర్లు, చిన్న కోల్డ్ రూములు చూసే మెకానిక్కుల కోసం ఇది రాసి పెడుతున్నాను. మనం పోయినప్పుడు బ్రహ్మాండంగా నడిచి, మనం వచ్చేయగానే ఆగిపోయే మిషన్ మీకూ తగిలే ఉంటుంది. దేవరకొండ దాటినంక డిండి పోయే దారిలో ఒక ఊళ్లో ఉన్న పాల సెంటర్ మిషన్ అట్లాంటిదే. ఐటీఐ పూర్తి చేసి మా దగ్గర పని నేర్చుకుంటున్న పిలగాడిని మొదటి నుంచి చివరి దాకా ఈ పని మీదే ఉంచాను, అందుకే వాడి మాట కూడా మధ్యలో వస్తుంది.

మిషన్, ఫిర్యాదు

వెయ్యి లీటర్ల బల్క్ కూలర్. త్రీఫేజ్ స్క్రోల్ కంప్రెసర్, ఆర్-404ఏ గ్యాస్, ప్లేటు మీద రాసి ఉన్నది 2.8 కిలోలు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉంది, రిసీవర్ ఉంది, రంగు చుక్క లేని సాదా సైట్ గ్లాస్ ఉంది.

సాయంత్రం ఆరున్నర నుంచి ఊళ్లో పాలు వస్తాయి. ఖాళీ ట్యాంకులో పోస్తారు, రాత్రిలో 4 డిగ్రీలకు దిగాలి. పొద్దున మళ్లీ పాలు పోస్తారు, ఎనిమిదిన్నరకు ట్యాంకర్ వచ్చి ఎత్తుకుపోతుంది. సెంటర్ నడిపే అక్క చెప్పింది ఇదీ: కొన్ని రోజులు పొద్దున వచ్చి చూస్తే 4 ఉంటది, కొన్ని రోజులు 9, 10 దగ్గరే నిలబడి ఉంటది. మెయిన్ ఆఫ్ చేసి ఆన్ చేస్తే మంచిగ నడుస్తది. ఎండలు ముదిరినంక ఎక్కువైంది. రాత్రంతా 9 డిగ్రీల మీద నిలబడ్డ పాలను ట్యాంకర్ వాళ్లు టెస్ట్ చేసి మేము తీసుకోం అంటే ఆ రోజు ఊరందరి డబ్బులు అక్క నెత్తిన పడ్డట్టే.

మాకంటే ముందు చూసినవాళ్లు "గ్యాస్ తక్కువుంది" అని చెప్పి కొద్దికొద్దిగా నింపిపోయారు. నింపిన తర్వాత కొన్నాళ్లు బాగుండేది. ఆ కొన్నాళ్లే అందరినీ తప్పు దారి పట్టించాయి.

దశ 1: పగటి పరీక్ష, ఏమీ దొరకలేదు

మేము పోయేసరికి మధ్యాహ్నం, ట్యాంకు ఖాళీ. మూడు వందల లీటర్ల బోరు నీళ్లు పట్టించి మిషన్ ఆన్ చేశాం. నీళ్లు 29 డిగ్రీల నుంచి 20కి వచ్చాయి, సక్షన్ 84 పీఎస్ఐ, డిశ్చార్జ్ 310, సైట్ గ్లాసులో బుడగ లేదు, ఆంప్స్ మూడు ఫేజుల్లో సమానం. నలభై నిమిషాలు చూశాం. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

పిలగాడు అప్పటికే గ్యాస్ సిలిండర్ దించి పెట్టుకున్నాడు. "అన్నా, 200 గ్రాములు ఏసి పోదాం, అక్క కూడా అదే అడుగుతున్నది" అన్నాడు. వాడి చెయ్యి చురుకైనది, స్ప్లిట్ ఏసీల దగ్గర గంటలో పని తేల్చి అలవాటు. సైట్ గ్లాస్ నిండుగా ఉన్న మిషన్‌లో గ్యాస్ ఎందుకు వేయాలో ఒక్క కారణం చెప్పమన్నాను. జవాబు లేదు, సిలిండర్ బండెక్కించాడు.

ఆ రోజు చేసింది ఇంతే:

1. కాంటాక్టర్, టెర్మినల్ స్క్రూలన్నీ బిగించి, పాయింట్లు క్లీన్ చేశాం. మాడిన మచ్చ ఎక్కడా లేదు.
2. మెయిన్ తీసి, కంట్రోల్ లైనులో వరసగా ఉన్న నాలుగు స్విచ్చులకు (థర్మోస్టాట్, ఎల్‌పీ, హెచ్‌పీ, ఓవర్‌లోడ్ రిలే) ఒక్కోదాని రెండు కాళ్ల మధ్య ఒక నియాన్ ల్యాంపు కట్టాం.
3. సెంటర్‌లో ఒక నోటుబుక్కు పెట్టి, గంటకోసారి పాల టెంపరేచర్, ఓల్టేజీ రాయమని అక్క కొడుకుకు చెప్పాం.

రెండోది మీరు కూడా చేసుకోండి. స్విచ్ కలిసి ఉన్నంతసేపు దాని ల్యాంపు వెలగదు, అది విడిపోయిన క్షణం వెలుగుతుంది. నియాన్ గుంజే కరెంటు చాలా తక్కువ కాబట్టి కాంటాక్టర్ కాయిల్‌ను అది పట్టి ఉంచలేదు. మిషన్ ఆగిందని తెలిస్తే సరిపోదు, ఎవరు ఆపారో తెలియాలి. వాటంతట అవే మళ్లీ కలిసే స్విచ్చులు ఉన్న మిషన్‌లో ఇది సులువైన దారి.

ఇప్పటిదాకా ఖర్చు: ల్యాంపులు, క్లీనర్ కలిపి ₹240, పెట్రోలు ₹300. మొత్తం ₹540.

దశ 2: నోటుబుక్కు ఏం చెప్పింది

ఊళ్లో అందరి అనుమానం కరెంటు మీదే. చుట్టూ బోరు మోటర్లు, పొద్దుగూకితే ఓల్టేజీ పడిపోతదని అన్నారు. పుస్తకంలో మాత్రం ఫేజుకు ఫేజుకు మధ్య 398 కంటే కిందికి ఎప్పుడూ పోలేదు, పాలు చల్లబడని రాత్రులు కూడా 405, 412 ఉంది. కాబట్టి కరెంటును పక్కన పెట్టాం.

అసలు సంగతి టెంపరేచర్ వరసలో ఉంది. చెడిపోయిన ఏ రాత్రి చూసినా, పాలు 33 నుంచి 11 దాకా చక్కగా దిగుతున్నాయి, ఒకే వేగంతో. ఆగేది ఎప్పుడూ 11కూ 9కీ మధ్యనే. 25 దగ్గరో 18 దగ్గరో ఒక్కసారి కూడా ఆగలేదు. వదులు వైరు అయితే దానికి పాలు ఎన్ని డిగ్రీలున్నాయో ఏం తెలుసు? ఎప్పుడు పడితే అప్పుడు ఆగాలి కదా. మేము పగలు చేసిన నీళ్ల పరీక్ష 20 దగ్గర ఆపేశాం, అంటే ఫాల్టు ఉండే చోటుదాకా అసలు పోనేలేదు.

పిలగాడు ఆ పుస్తకం పట్టుకుని చాలాసేపు కూచున్నాడు. "రాత్రి ఉండాలె అన్నా, వేరే తొవ్వ లేదు" అన్నాడు. ఆ మాట వాడే అనడం నాకు నచ్చింది.

దశ 3: రాత్రి కాపలా

ఆ సాయంత్రం 600 లీటర్లు వచ్చాయి. గేజులు పెట్టి, వాల్వ్‌కు ముందు లిక్విడ్ పైపు మీద ఒక టెంపరేచర్ ప్రోబ్, వాల్వ్ తర్వాత ఒకటి కట్టి, ఇద్దరం మిషన్ పక్కనే కూర్చున్నాం. వాడు రాసిన లెక్క:

- 7:10 – పాలు 31, సక్షన్ 92, డిశ్చార్జ్ 300
- 8:20 – పాలు 18, సక్షన్ 82, డిశ్చార్జ్ 285
- 9:05 – పాలు 11, సక్షన్ 73, డిశ్చార్జ్ 270
- 9:20 – పాలు 9.5, సక్షన్ 70, డిశ్చార్జ్ 265

తర్వాత పది నిమిషాలు ఏమీ లేదు. 9:31కి సక్షన్ ముల్లు 70 నుంచి జారడం మొదలైంది, మెల్లగా కాదు, చూస్తుండగానే 41. వాల్వ్ తర్వాత పైపు మీద పలచగా మంచు పట్టింది. సైట్ గ్లాసులో ఇంకా ఒక్క బుడగ కూడా లేదు, పైపు నిండా లిక్విడ్ ఉంది. ముల్లు 25 దాటి కిందికి పోయింది, ఎల్‌పీ ల్యాంపు వెలిగింది, కంప్రెసర్ ఆగింది.

పిలగాడు లేచి స్పానర్ అందుకున్నాడు, వాల్వ్‌ను కొట్టి చూద్దామని. చెయ్యి పట్టి ఆపాను. ఒక్క దెబ్బకు లోపల చిక్కింది కదిలిపోతే అది చెత్తా, మంచా, ఇరుక్కున్న సూదా మనకు ఇంక ఎప్పటికీ తెలియదు. ఇన్నాళ్లూ అక్క మెయిన్ ఆఫ్ చేసినప్పుడల్లా జరిగింది కూడా అదే.

కొద్ది నిమిషాలకు సక్షన్ తనంతట తానే 45 దాటింది, ఎల్‌పీ కలిసింది, కంప్రెసర్ లేచింది. ఆరు నిమిషాలు నడిచి మళ్లీ అదే జారుడు. ఈసారి ముల్లు 40కి వచ్చేసరికి మేము సిద్ధంగా ఉన్నాం:

1. గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి పిండుకున్నాం. మంట మాత్రం పెట్టొద్దు.
2. గుడ్డను వాల్వ్ బాడీ మీద చుట్టాం. సక్షన్ పైపుకు కట్టి ఉండే బల్బుకు అది తగలకుండా చూసుకున్నాం.
3. ముల్లు మీద కన్ను, వాల్వ్ దగ్గర చెవి పెట్టాం.

నిమిషం కూడా పట్టలేదు. వాల్వ్ లోపల సుయ్యిమని చప్పుడైంది, ముల్లు 68కి ఎగిరింది, మిషన్ మామూలుగా నడిచింది. గుడ్డ తీసి వదిలేస్తే పావుగంటలో మళ్లీ మూసుకుంది, మళ్లీ గుడ్డ పెడితే తెరుచుకుంది. చెత్త అడ్డం పడి ఉంటే గోరువెచ్చని గుడ్డకు కరగదు. బల్బులో గ్యాస్ పోయి ఉంటే బాడీని వేడి చేస్తే వాల్వ్ తెరుచుకోదు. గ్యాస్ తక్కువైతే సైట్ గ్లాస్ అట్ల నిండుగా ఉండదు. మిగిలింది ఒక్కటే, సిస్టమ్‌లో నీటి తేమ ఉంది, వాల్వ్ రంధ్రం దగ్గర గడ్డకడుతోంది.

9, 11 డిగ్రీల సంగతి కూడా ఇక్కడే విడిపోయింది. ఆర్-404ఏ సుమారు 73 పీఎస్ఐ దగ్గర 0 డిగ్రీల్లో మరుగుతుంది. పాలు వేడిగా ఉన్నంతసేపు సక్షన్ 73 పైనే ఉంటుంది, అంటే వాల్వ్ తర్వాత ఎక్కడా సున్నా కిందికి పోదు, తేమ ఉన్నా గడ్డకట్టదు. పాలు 11 దగ్గరికి వచ్చేసరికి ముల్లు 73 దాటి దిగుతుంది, అప్పుడు మంచు మొదలవుతుంది. పొద్దున 33 డిగ్రీల కొత్త పాలు పోయగానే సక్షన్ మళ్లీ పైకి పోతుంది, మిషన్ బంగారంలా నడుస్తుంది. అక్క ఆన్ ఆఫ్ చేసినందుకు బాగైందని అనుకునేది, బాగు చేసింది కొత్త పాల వేడి.

ఎండలకూ సంబంధం ఉంది. డ్రయ్యర్ లోపలి గింజలు లిక్విడ్ చల్లగా ఉంటే తేమను ఎక్కువ పట్టుకుంటాయి, వేడెక్కితే కొంత వదిలేస్తాయి. నిండిపోయిన డ్రయ్యర్ ఎండ ముదిరిన రోజు తన దగ్గరున్న తేమను తిరిగి లైనులోకి ఇచ్చేస్తుంది. అందుకే కొన్ని రాత్రులు మంచిగ ఉండేది, కొన్ని రాత్రులు ఉండేది కాదు.

తేమ లోపలికి ఎట్లా పోయిందని అక్కను అడిగితే, పోయిన వానాకాలం లీకు వెల్డింగ్ చేయించామని, "అరగంటల అయిపోయింది" అని చెప్పింది. అరగంటలో వ్యాక్యూమ్ కాదు. ఆర్-404ఏకి వాడే పీఓఈ ఆయిల్ గాలిలోని తేమను గుంజుకుంటుంది, వానాకాలం గాలికి లైను తెరిచి పెట్టి, గ్యాస్‌తో ఊది మూసేస్తే ఇదే జరుగుతుంది.

దశ 4: తెరిచి, ఆరబెట్టడం

పాలు క్యాన్లలో పక్క ఊరి సెంటర్‌కు పోయేట్టు అక్క మాట్లాడుకుంది. ఆ ఏర్పాటు అయ్యేదాకా లైను విప్పలేదు, తొందరలో చేసిన వ్యాక్యూమే కదా ఇంత తెచ్చింది.

మొదట గ్యాస్‌ను రికవరీ సిలిండర్‌లోకి తీసి తూకం వేశాం. 3.4 కిలోలు వచ్చింది. ప్లేటు మీద 2.8. అంటే ఆరు వందల గ్రాములు ఎక్కువ, ఈ ఫిర్యాదుకు గ్యాస్ తక్కువ కావడం కారణం కాదు. పిలగాడు తూకం ముల్లును రెండుసార్లు చూసి పుస్తకంలో రాసుకున్నాడు. తడిసిన ఆ గ్యాస్‌ను తిరిగి వేయలేదు.

1. పాత డ్రయ్యర్‌ను పైపు కట్టర్‌తో కోసి తీశాం. టార్చితో ఊడదీస్తే ఆ వేడికి లోపలి తేమంతా లైనులోకి పోతుంది.
2. కొత్త డ్రయ్యర్ ఒక సైజు పెద్దది పెట్టాం. కట్టిన మూత ఊడదీసింది బ్రేజింగ్‌కు నిమిషం ముందే.
3. సాదా సైట్ గ్లాస్ తీసి తేమ చుక్క ఉన్నది పెట్టాం. పొడిగా ఉంటే ఆకుపచ్చ, తడి ఉంటే పసుపు. ఇది మొదటి నుంచి ఉంటే ఈ డైరీ అవసరమే పడేది కాదు.
4. బ్రేజింగ్ చేస్తున్నంతసేపు లోపల సన్నగా నైట్రోజన్ పారించాం, మసి కట్టకుండా.
5. నైట్రోజన్ 250 పీఎస్ఐ ఎక్కించి, అతుకులన్నీ సబ్బు నురగతో చూసి, రాత్రి వదిలేశాం.

తెల్లారి ముల్లు 242 మీద ఉంది. అక్క ముఖం వాడిపోయింది. పిలగాడు ఏమీ పట్టుకోకుండా ముందు పుస్తకం తెరిచాడు. నిన్న సాయంత్రం పైపు 36 డిగ్రీలు, ఇప్పుడు 27. గాలి పీడనం కూడా కలిపితే 250 అంటే సుమారు 265, దాన్ని 300తో హెచ్చించి 309తో భాగిస్తే 257, మళ్లీ గాలి పీడనం తీసేస్తే 242. "లీకు కాదక్కా, చల్లబడ్డది అంతే, ఎండెక్కినంక పెరుగుతది" అన్నాడు. పన్నెండింటికి ముల్లు 250 మీదికి వచ్చింది. లెక్కలో 300, 309 అనేవి 27, 36 డిగ్రీలకు 273 కలిపిన అంకెలు, మీరూ అట్లాగే వేసుకోండి.

కలిపితే: నైట్రోజన్ ₹900, డ్రయ్యర్ ₹650, సైట్ గ్లాస్ ₹550, రాడ్లు ₹200, వ్యాక్యూమ్ పంపు ఆయిల్ ₹350. ఈ దశకు ₹2,650. ఇప్పటిదాకా ₹3,190.

దశ 5: వ్యాక్యూమ్ దగ్గరే అసలు ఓపిక

గేజ్ ముల్లు సున్నా కిందికి పోయి ఆగినంత మాత్రాన వ్యాక్యూమ్ అయినట్టు కాదు. తేమ పోయిందో లేదో మైక్రాన్ మీటరే చెబుతుంది. దాన్ని పంపు దగ్గర పెట్టొద్దు, సిస్టమ్‌కు అవతలి చివర పెట్టండి, లేకపోతే అది పంపు గొప్పలే చెబుతుంది.

మొదటి గుంజుడు: రెండు గంటలు నడిచినా 1,500 మైక్రాన్ల దగ్గర నిలబడింది. వాల్వ్ మూసి పంపును వేరు చేస్తే పది నిమిషాల్లో 3,200కి ఎక్కి అక్కడ ఆగింది. లీకు ఉంటే ఆగదు, ఎక్కుతూనే ఉంటుంది. ఎక్కి ఒకచోట నిలబడిందంటే లోపల ఇంకా నీరు ఆవిరవుతోందని. పంపు అద్దంలో ఆయిల్ పాలవిరుగుడులా తెల్లగా మారిపోయింది. సిస్టమ్‌లోంచి వచ్చిన నీరు అది. ఆయిల్ మార్చాం.

రెండోసారి: పొడి నైట్రోజన్ 2 పీఎస్ఐ దాకా వదిలి, అరగంట ఉంచి, మళ్లీ గుంజాం. పొడి నైట్రోజన్ మూలల్లో ఉన్న తేమను కలుపుకుని బయటికి తెస్తుంది. ఈసారి 780కి దిగింది. పంపు ఆపితే 1,400కి పోయి నిలబడింది.

అప్పటికి పొద్దు గూకుతోంది. సాయంత్రం పాలు ఇక్కడే పోయించాలని అక్క ఆశ, ట్యాంకు కూడా కడిగి పెట్టింది. 780 అంటే చాలామంది గ్యాస్ వేసేస్తారు. నేను ఏమీ అనకుండా పిలగాడి వంక చూశాను. "అక్కా, ఇయ్యాల కూడా పక్కూరికే పంపు. ఇప్పుడు గ్యాస్ ఏస్తే నెల రోజులకు మళ్ల ఇదే లొల్లి" అని చెప్పి, నైట్రోజన్ రెగ్యులేటర్ తిప్పాడు.

మూడోసారి రాత్రంతా పంపు నడిచింది. పొద్దున 420. పంపును వేరు చేసి పావుగంట చూస్తే 560కి ఎక్కి నిలిచింది. పీఓఈ ఆయిల్‌లో కలిసిన తేమ మొత్తం ఏ వ్యాక్యూమ్‌కూ రాదు, ఆ మిగిలినదాన్ని పట్టుకోవడానికే పెద్ద డ్రయ్యర్. 560 దగ్గర నిలబడితే గ్యాస్ వేయొచ్చు అనుకున్నాం.

ఆర్-404ఏ మూడు గ్యాసుల మిశ్రమం, సిలిండర్‌లోంచి లిక్విడ్‌గానే తీయాలి, ఆవిరిగా తీస్తే పాళ్లు మారిపోతాయి. సిలిండర్ తలకిందులుగా తూకం మీద పెట్టి 2.8 కిలోలు, ఒక్క గ్రాము ఎక్కువ లేకుండా వేశాం. ఎల్‌పీ స్విచ్ సెట్టింగ్‌ను ముట్టుకోలేదు. దాన్ని ఇంకా కిందికి తిప్పితే మిషన్ ఆగకపోవచ్చు, కానీ వాల్వ్ మూసుకుపోయినప్పుడు కంప్రెసర్ కాలిపోతుంది.

గ్యాస్ ₹2,100. ఇప్పటిదాకా ₹5,290.

దశ 6: నడిపి చూడడం

మొదటి రాత్రి 580 లీటర్లు. ఈసారి వాడొక్కడే కూర్చున్నాడు. 73 దాటేటప్పుడు ఐదేసి నిమిషాలకోసారి రాశాడు: 72, 70, 69, 67, 66. జారుడు లేదు. పదిన్నర దాటేసరికి పాలు 4 డిగ్రీలు, థర్మోస్టాట్ ల్యాంపు వెలిగింది, సక్షన్ 62 దగ్గర మిషన్ సరిగ్గా ఆగింది. కొత్త సైట్ గ్లాసులో చుక్క మాత్రం ఇంకా పసుపే. దాన్ని చూసి తొందరపడొద్దు, అది నమ్మకంగా రంగు చూపాలంటే మిషన్ చాలా గంటలు నడవాలి. మర్నాటికి ఆకుపచ్చకు తిరిగింది.

వారం తర్వాత అక్క కొడుకు ఫోన్లో ఫోటో పంపాడు, చుక్క మళ్లీ కొంచెం పసుపు పట్టింది. పాలు రోజూ 4కే వస్తున్నాయి, ఫిర్యాదు ఏమీ లేదు. ఆయిల్‌లో మిగిలిన తేమ మెల్లగా వదిలి, డ్రయ్యర్ నిండుతోందని అర్థం. రిసీవర్ వాల్వ్ మూసి, గ్యాస్‌నంతా రిసీవర్‌లోకి పంప్‌డౌన్ చేసి, డ్రయ్యర్ మార్చి, తెరిచిన ఆ ముక్కకు మళ్లీ వ్యాక్యూమ్ పెట్టాం. డ్రయ్యర్ కోసేముందు పిలగాడు మెయిన్ తీసి, లైనులో ప్రెషర్ రెండు వైపులా చూసుకుని, కొత్త డ్రయ్యర్ మూతలు అలాగే ఉన్నాయో లేదో చూశాడు. నేను చెప్పలేదు.

రెండో డ్రయ్యర్ ₹650. మొత్తం ₹5,940. కూలి ఇందులో కలపలేదు.

ఆ తర్వాత చుక్క ఆకుపచ్చగానే ఉంది. నియాన్ ల్యాంపులు తీయలేదు, అక్కే వద్దన్నది. వానాకాలం మొదలయ్యే ముందు ఒకసారి చుక్క రంగు, 73 దాటేటప్పటి సక్షన్ చూసి ఇక్కడే రాస్తాం. అప్పటికి మళ్లీ పసుపు తిరిగితే కంప్రెసర్ ఆయిల్ మార్చక తప్పదు.